చింతగింజల లెక్క: అత్తగార్లకు ఒక ఏఎన్‌ఎం బహిరంగ లేఖ

అత్తగార్లందరికీ నమస్కారం.

కొత్తగా నాయనమ్మలైనవాళ్లకీ, కాబోతున్నవాళ్లకీ ఈ ఉత్తరం. కోడళ్లకే రాయొచ్చు కదా అంటారేమో. ఇరవై రెండేళ్లుగా ఏఎన్‌ఎంగా ఊళ్లు తిరుగుతున్నాను. కోడలికి చెప్పిన మాట ఏ ఇంట్లో ఏ గడప దాకా వెళ్లి ఆగిపోతుందో నాకు తెలుసు. అదీగాక నేనూ మీ జట్టులోకే వస్తున్నాను. మా కోడలికి ఇప్పుడు ఏడో నెల.

కోడలు పసిబిడ్డతో పుట్టింటి నుంచి మీ ఇంటికొచ్చే వారం గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను. గుమ్మంలో ఎర్రనీళ్లు దిష్టి తీస్తారు. చుట్టుపక్కల వాళ్లొచ్చి ముక్కు తాతదంటారు, చెవులు మేనత్తవంటారు. ఇల్లంతా బిడ్డ చుట్టూనే. రెండో బిడ్డ ఎప్పుడు పుడుతుందన్నది కూడా సగం ఆ వారంలోనే తేలిపోతుంది. ఆ సంగతి మీకు తట్టదు, కోడలికీ తట్టదు. మీ అబ్బాయికైతే అసలే తట్టదు.

మన వైపు తొలికాన్పు పుట్టింట్లోనే. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి తీసుకొస్తారు. ఆసుపత్రిలో కాన్పయితే మూడో రోజు, ఏడో రోజు, అలా వారం వారం, చివరికి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఇంటికెళ్లి తల్లినీ బిడ్డనీ చూడాల్సింది పుట్టింటి ఊరి ఆశా. కాన్పుల మధ్య ఎడం గురించి ఆమె చెబుతుంది కూడా. కానీ అప్పుడా పిల్ల భర్త దగ్గర లేదు. "ఇప్పుడెందుకులే అక్కా, వెళ్లాక చూసుకుంటాను" అంటుంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. తీరా మీ ఊరొచ్చేసరికి మా ఆశా రిజిస్టర్లో ఆమె కాన్పు ఉండదు. పద్నాలుగు వారాల టీకా అక్కడే అయిపోయి ఉంటే, తొమ్మిదో నెల టీకా దాకా ఆ పిల్ల మా కంట పడే అవకాశం తక్కువ. అక్కడి వాళ్లు ఇక్కడ చూసుకుంటారనుకుంటారు, ఇక్కడి వాళ్లు అక్కడ చెప్పే ఉంటారనుకుంటారు.

నేనూ అలాగే అనుకున్నాను, కొన్నేళ్ల కిందట. ఆ సంగతి చెప్పాలి.

పేరు వద్దు, చిన్నకోడలు అంటాను. పంతొమ్మిదేళ్లకి తొలికాన్పు, ఆగస్టులో. పెద్దాపరేషన్, ఆడపిల్ల. కాన్పుకి ముందు రక్తం 9.6 ఉంది. అప్పటికే తక్కువ. ఐదో నెలలో, సంక్రాంతికి ముందు, అత్తగారింటికి వచ్చింది. మా ఆశా చెబితే పలకరించడానికి వెళ్లాను. వసారాలో కుర్చీ వేశారు. చిన్నకోడలు గుమ్మంలో నిలబడింది, అత్తగారు నాకెదురుగా కూర్చుంది. "ఎడం పాటించాలమ్మా, ఏదన్నా పద్ధతి వాడుతున్నారా?" అని అందరి ముందూ అడిగాను. అత్తగారు నవ్వి, "ఇంకా ముట్టే రాలేదమ్మా, పాలిస్తోందిగా, మేం చూసుకుంటాంలే" అంది. పిల్ల తల దించుకుంది. నేను కాఫీ తాగి, రిజిస్టర్లో 'కౌన్సెలింగ్ చేయబడింది' అని రాసుకుని వచ్చేశాను.

ఆ కాఫీ తాగుతున్నప్పుడే పెద్దావిడ ఇంకో మాట కూడా అంది. పిల్లకి పాలు చాలడంలేదని నాలుగో నెల నుంచే సీసాతో ఆవుపాలు, పొద్దున పూట ఉగ్గు పెడుతున్నారట. ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు.

మార్చిలో చిన్నకోడలికి మళ్లీ కడుపు నిలిచింది. తొలికాన్పయ్యాక ఒక్కసారి కూడా ముట్టు రాకుండానే. ముట్టు రావడంలేదు గనక నెల తప్పిన సంగతీ తెలియలేదు. కడుపులో కదలిక తెలిసేదాకా గ్యాస్ అనుకున్నారు. జులైలో కార్డు రాయడానికి వచ్చినప్పుడు రక్తం 7.4 ఉంది. ఐరన్ సుక్రోజ్ సూదిమందు ఎక్కించారు. నవంబరు మొదట్లో, ఇంకా ముప్ఫై ఐదో వారమే, నొప్పులొస్తే మళ్లీ పెద్దాపరేషన్ చేసి రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. పాత కుట్టు దగ్గర గర్భసంచి కాగితంలా పల్చబడి ఉందని డాక్టరమ్మ మాతో అంది. మగపిల్లాడు, 1,900 గ్రాములు. పదహారు రోజులు పసిపిల్లల ప్రత్యేక వార్డులో ఉంచారు.

పిల్లాడు బతికాడు, బాగున్నాడు. నన్ను ఇప్పటికీ పట్టుకుని వదలనిది పెద్దపిల్ల. కడుపుతో ఉన్న తల్లి పాలు మంచివి కావని పదకొండో నెలలో టక్కున మాన్పించారు. తల్లి ఆసుపత్రిలో, నాయనమ్మ ఆసుపత్రి బయట, పిల్ల పక్కింట్లో. పదిహేనో నెలలో అంగన్‌వాడీలో తూచితే 7.2 కిలోలు. ఆ వయసుకి ఆడపిల్ల తొమ్మిదిన్నర కిలోలకి కాస్త అటూ ఇటూ ఉండాలి, 7.6కి తగ్గితే బరువు తక్కువ కింద లెక్క. అంగన్‌వాడీ ఆయమ్మ చాక్లెట్ ఇస్తే పిల్ల చెయ్యి చాపలేదు, ఊరికే చూసింది.

తిండి చాలని చంటిపిల్లల్లో కాళ్లు ఉబ్బే జబ్బొకటి ఉంది, క్వాషియోర్కర్ అంటారు. 1930లలో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఇప్పటి ఘనా దేశంలో పనిచేస్తూ, అక్కడి గా భాషలో తల్లులు వాడే మాటనే ఆ జబ్బుకి పేరుగా రాసింది. వెనక ఇంకో బిడ్డ పుట్టినప్పుడు ముందు బిడ్డకి వచ్చే జబ్బు అని దాని అర్థం. ఏఎన్‌ఎం ట్రైనింగులో ఆ పేరు బట్టీ పట్టాను. దాని అర్థం మాత్రం ఆ పిల్లని చూశాకే తలకెక్కింది.

ఇక పాల సంగతికి వస్తాను, ఎందుకంటే చిన్నకోడలి అత్తగారు అన్నది పూర్తిగా అబద్ధం కాదు. పాలిస్తుంటే కడుపు రాదన్న మాటలో నిజం ఉంది. అయితే దానికి మూడు షరతులున్నాయి, మూడూ ఒకేసారి ఉండాలి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు. తల్లికి ముట్టు తిరిగి రాకూడదు. పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు, నీళ్లు కూడా. ఈ మూడూ ఉంటే నూటికి తొంభై ఎనిమిది మందికి కడుపు రాదు. ఒక్కటి తప్పినా ఆ అడ్డు పోయినట్టే. బిడ్డ రొమ్ము పట్టి లాగడంవల్లే అండం విడుదల కాకుండా ఆగుతుంది. సీసా వచ్చి ఆ లాగడం తగ్గితే అండం విడుదలవుతుంది. అండం ముందు, ముట్టు తర్వాత. అందుకే ముట్టు వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లలో కొందరికి ముట్టు రాదు, కడుపే వస్తుంది.

మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. పిల్ల అత్తారింటికి వచ్చేది మూడో నెల, ఐదో నెల. ఇంటిపని మొదలయ్యేది అప్పుడే. పాలు చాలడంలేదని సీసా వచ్చేదీ అప్పుడే, మొగుడూ పెళ్లాలు ఒకచోట చేరేదీ అప్పుడే. పాల కాపలా సడలేదీ, కాపలా అవసరం పడేదీ ఒకే నెలలో.

ఎడం అంటే ఎంతో మా ఆశా ఒకామె చింతగింజలతో చెబుతుంది. నేను చార్టులతో చెప్పినదానికన్నా అది బాగా ఎక్కుతుంది. చాపమీద ఇరవై నాలుగు గింజలు వరసగా పేరుస్తుంది. "ఇవి పాపకి రెండేళ్లు నిండేదాకా నెలలు. ఈ గింజలన్నీ అయ్యేదాకా కడుపు రాకూడదు" అంటుంది. పక్కన ఇంకో తొమ్మిది పెడుతుంది. "ఇవి కడుపుతో ఉన్న నెలలు." మొత్తం ముప్ఫై మూడు. అంటే పెద్దబిడ్డకి మూడేళ్లు రాబోతుండగా చిన్నబిడ్డ పుట్టాలి. చాలామంది 'రెండేళ్ల ఎడం' అంటే రెండు కాన్పుల మధ్య రెండేళ్లు అనుకుంటారు. అలా లెక్కేస్తే పాపకి పదిహేను నెలలప్పుడే మళ్లీ కడుపన్నమాట. చింతగింజలు పేర్చినప్పుడు ఈ తేడా అత్తగార్లే ముందు పట్టుకుంటారు. చిన్నకోడలి లెక్క పెట్టి చూశాను, ఏడు గింజలు.

ఈ రెండేళ్ల లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థది, 2005లో నిపుణుల్ని కూర్చోబెట్టి తేల్చారు. బిడ్డ బతికిన కాన్పయ్యాక కనీసం ఇరవై నాలుగు నెలలు ఆగి మళ్లీ కడుపుకి ప్రయత్నించమన్నారు. గర్భం పోతే ఆరు నెలలన్నారు. చదువుకున్న మీ అబ్బాయిలు ఫోన్లో వెతికి, పద్దెనిమిది నెలలు చాలంటున్నారుగా అని నన్ను అడుగుతుంటారు. నిజమే, అలా చెప్పే పరిశోధనలున్నాయి. పద్దెనిమిది నెలలకన్నా తక్కువ ఎడమైతే నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ పుట్టడం పెరుగుతాయని, అయిదేళ్లు దాటినా మళ్లీ కొంత పెరుగుతాయని లెక్కలు తేలాయి. ఒకే తల్లి కాన్పుల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూసిన కొన్ని పరిశోధనల్లో ఆ తేడా చాలావరకు తగ్గింది. అంటే కొంత నష్టం పేదరికంవల్ల వచ్చేదే, ఎడానిది కాదు. రెండేళ్లని ఎంచుకోవడానికి ఇంకో కారణం, బిడ్డకి రెండేళ్లు పాలివ్వమన్న సలహాతో అది సరిపోతుంది, జనానికీ గుర్తుంటుంది. ముప్ఫై అయిదు దాటి తొలికాన్పయిన కోడలుంటే నేనే డాక్టరుని అడిగి పద్దెనిమిది నెలలకే సరే అంటాను, వయసుతో వచ్చే ఇబ్బందులు వేరు గనక. మన ఊళ్లలో ఎక్కువమంది కోడళ్లు ఇరవై, ఇరవై రెండు. వాళ్లకి తొందరేముంది?

రక్తం సంగతి మాత్రం పరిశోధన చదవక్కర్లేదు, మీ కళ్లముందే ఉంది. ఒక కడుపుకి తల్లి దగ్గర నుంచి ఇంచుమించు వెయ్యి మిల్లీగ్రాముల ఇనుము కావాలి. కాన్పులో రక్తం పోతుంది. అది తిరిగి చేరడానికి నెలలు పడుతుంది, అదీ తింటేనే. కాన్పయ్యాక కూడా ఆరు నెలలు రోజుకో ఐరన్ మాత్ర వేసుకోవాలి. మేం ఇస్తాం, బిడ్డకి వేడి చేస్తుందని మీరు మాన్పిస్తారు. పథ్యం పేరుతో ఆకుకూర వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దంటారు. మీ అత్తగారు మీకు అలాగే పెట్టారు, నాకు తెలుసు. మా అత్తగారూ అంతే.

పెద్దాపరేషనయిన కోడలి లెక్క ఇంకొంచెం గట్టిది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి నలభై రెండు కాన్పులు, తెలంగాణలో నూటికి అరవైకి పైగా కాన్పులు పెద్దాపరేషన్లే. పైన చర్మం మీద గీత పది రోజుల్లో మానిపోతుంది, అదే మీకు కనిపిస్తుంది. లోపల గర్భసంచి మీద కుట్టు గట్టిపడటానికి చాలా నెలలు కావాలి. రెండు కాన్పుల మధ్య పద్దెనిమిది నెలలు కూడా లేకపోతే, రెండోసారి నొప్పులొచ్చినప్పుడు ఆ కుట్టు విడిపోయే ప్రమాదం పెరుగుతుంది. రెండోది మామూలు కాన్పు కావాలని కోరుకునే అత్తగార్లు చాలామంది ఉన్నారు. ఆ కోరిక తీరాలంటే ముందు కావాల్సింది ఈ ఎడమే.

మీ తొందరకీ కారణాలున్నాయి, లేవనను. "ఒకేసారి ఇద్దర్నీ పెంచేస్తే ఓ పనైపోతుంది, రెండో కాన్పుతోనే ఆపరేషన్ చేయించేద్దాం" అంటారు. మీకు ఇది మేమే నేర్పిన లెక్క. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మాకు టార్గెట్లన్నీ ఆపరేషన్లవే. అదే సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో ఇంచుమించు డెబ్బై శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. కాపర్-టీ, మాత్రలు, నిరోధ్, అన్నీ కలిపినా ఒక శాతం అటూ ఇటూ. అంటే మనకి ఆపడం తెలుసు, ఆగడం అలవాటు కాలేదు. ఇరవై మూడేళ్లకి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయిపోయిన కోడలిని చూసి బాధ్యత తీరిందనుకుంటారు. ఆ నాలుగేళ్లలో ఆమె ఒంట్లోంచి ఏం పోయిందో ఎవరూ లెక్కేయరు.

తొలిచూలు ఆడపిల్లయితే తొందర రెట్టింపవుతుంది. పైకి అనరు. "ఇద్దరుంటే ఒకరికొకరు తోడు" అంటారు. బిడ్డ పుట్టి పోయిన ఇళ్లలో ఇంకో మాట: వెంటనే ఇంకో బిడ్డ పుడితే మరిచిపోతుంది. మరిచిపోదండీ. నెలలు నిండకుండా పోయిన బిడ్డ తల్లి నాలుగో నెలలోనే మళ్లీ కడుపుతో నా దగ్గరకొచ్చింది. స్టెత్ పెట్టినప్పుడల్లా ఊపిరి బిగబట్టేది.

ఈమధ్య ఎక్కువమందిని కనమని పెద్దలే చెబుతున్నారు కదా అని ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది. 2024లో మన రాష్ట్రంలో చట్టం మార్చి, ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలున్నా పంచాయతీ ఎన్నికల్లో నిలబడొచ్చన్నారు, నిజమే. ఎంతమందిని కనాలో నేను చెప్పను. ముగ్గుర్ని కనదలిస్తే ఎడం ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆ గర్భసంచి మూడుసార్లు మోయాలి.

చిన్నకోడలి తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఏం మార్చానో మీకు చెప్పాలి, చాటుగా చేస్తున్నామని మీరు అనుకోకూడదు గనక.

ఒకటి, కోడలితో విడిగా మాట్లాడతాం. ఏడో నెలలో పొట్ట చూడటానికి, బీపీ చూడటానికి లోపలికి తీసుకెళ్లినప్పుడు తలుపు దగ్గరకేస్తాం. ముందు మేం ఏమీ చెప్పం, అడుగుతాం. "తర్వాతి బిడ్డ ఎప్పుడు కావాలనుకుంటున్నావు? మీ ఆయన ఏమంటున్నాడు? ఇంతకుముందు ఏమన్నా వాడావా, పడిందా?" అందరి ముందు తల దించుకునే పిల్లే లోపల గలగలా మాట్లాడుతుంది. ఒకమ్మాయి, "నాకు డిగ్రీ మూడో సంవత్సరం మిగిలిందండి, అది అయ్యాక" అంది. అత్తగారికి ఆ సంగతే తెలియదు. మీ గురించి చాడీలు చెబుతారని అనుకోకండి. ఎక్కువమంది చెప్పేది ఆయన ఊరుకోడనే గానీ అత్తయ్య ఊరుకోదని కాదు.

రెండు, మీ అబ్బాయితో మా మగ సూపర్‌వైజరో, నేనో విడిగా మాట్లాడతాం. మూడు, మీతో. ఈ ఉత్తరం ఆ మూడోదే.

పద్ధతుల దగ్గర మేం బలవంతం చెయ్యం, చెయ్యకూడదు. కాన్పయిన నలభై ఎనిమిది గంటల్లోపు కాపర్-టీ వేయొచ్చు, పెద్దాపరేషన్లో అయితే అప్పుడే వేసేయొచ్చు. అది దాటితే ఆరు వారాలు ఆగాలి. అందుకే ఏడో నెలలోనే అడుగుతాం, నొప్పుల్లో ఉన్న మనిషిని అడిగి సంతకం పెట్టించుకోవడం న్యాయం కాదు. చెప్పకుండా వేసేశారని ఆర్నెల్లకి స్కానింగులో తెలిసి ఏడ్చిన పిల్లని చూశాను. ఆసుపత్రి పేరెందుకు గానీ, ఆ ఒక్కదానివల్ల ఆ వీధి మొత్తం రెండేళ్లు కాపర్-టీ మాటెత్తనివ్వలేదు. అది గుండెలోకి పాకుతుందంటారు. పాకదు, గర్భసంచి మూసిన సంచి. కాన్పప్పుడు వేసింది కొందరికి జారిపోతుంది, అది నిజం. ఆరో వారంలో ఒకసారి చూపించుకోమనేది అందుకే.

అంతర అని మూడు నెలలకోసారి వేసే సూది ఉంది, పాలిచ్చే తల్లికి ఆరు వారాల తర్వాత. 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇది వాడితే ముట్టు తప్పుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. చెడురక్తం లోపల పేరుకుపోతోందని మీరు కంగారుపడి మాన్పిస్తారు. పేరుకోదు, లోపల పొర పెరగదు గనక రావడానికేమీ ఉండదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఈ సూది ఆపిన వెంటనే కడుపు రాదు, చివరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. రెండేళ్లు నిండేదాకా వేయించుకుని, ఆపిన మర్నెల్లోనే కడుపు రాలేదని గొడ్రాలైందని నింద వేయకండి.

ఛాయ మాత్రలో హార్మోను లేదు, పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటే. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. మొదటి నెలలోనే వారానికి ఒకటి చాలనుకుంటారు, లేదా వారం మరిచిపోతారు. మా ఆశా అందుకే ఆదివారం, బుధవారం అని గోడ క్యాలెండర్ మీద సున్నాలు చుట్టిస్తుంది. ఆ సున్నాలేంటని మీరు అడిగితే కోడలు తడబడుతుంది. అడగకండి, లేదా తెలిసీ మీరే గుర్తుచేయండి. మాలా-ఎన్ మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లికి ఆరు నెలల ముందు వద్దు, పాలు తగ్గుతాయి.

ఇవేవీ పడకపోతే నిరోధ్ ఉంది. మా ఆశా సంచీలో ఎప్పుడూ ఉంటాయి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసే అబ్బాయిలున్న ఇళ్లకి ఇది మరీ ముఖ్యం. "ఆయన ఇక్కడ లేడుగా, పద్ధతులు నాకెందుకు" అంటుంది కోడలు. ఆయన ఏడాదికోసారి నలభై రోజుల సెలవు మీద వస్తాడు. ఆ నలభై రోజుల్లో మాత్రల సంగతి ఎవరికి గుర్తుంటుంది? అలాంటి ఇళ్లలో మేం అడిగేది ఒకటే, టికెట్ ఎప్పటికి తీశారని. అబ్బాయి దిగే వారం ముందే మా ఆశా వచ్చి వెళుతుంది. అన్నట్టు, బిడ్డ పుట్టాక మొదటిసారి చూడటానికి వచ్చేది కూడా సరిగ్గా ఐదో నెల, ఆరో నెలలోనే.

డబ్బు కోసం చెబుతున్నారని ఒకరిద్దరు అన్నారు. దాచేదేముంది. 2012లో కేంద్రం పెట్టిన పథకం ప్రకారం పెళ్లయ్యాక రెండేళ్లు ఆగి తొలిబిడ్డని కంటే ఆశాకి 500 రూపాయలు, తొలిబిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య మూడేళ్లుంటే 500. మూడేళ్లపాటు మీ గడప తొక్కితే వచ్చేది ఐదొందలు. ఆ ఐదొందల కోసమే మా ఆశా మూడేళ్లు తిరుగుతుందా, మీరే ఆలోచించండి.

ఇప్పుడు నాకు కావాల్సినవి చెబుతాను. కోడలు పుట్టింటి నుంచి రాగానే, బిడ్డని చూపించే నెపంతోనైనా, ఆ వారంలోనే మీ వీధి ఆశాకి కబురు పెట్టండి. తల్లీబిడ్డల కార్డు సూట్‌కేసు అడుగున చీరల కింద పెట్టకండి, తెచ్చివ్వండి. అందులో మా ఆశా బిడ్డ పుట్టిన తేదీ పక్కన రెండేళ్లు కలిపి ఇంకో తేదీ పెన్సిల్‌తో రాస్తుంది. ఆరు నెలలు నిండకముందు సీసా పెట్టాల్సి వస్తే, ఆ రోజే మాకు చెప్పండి. సీసా తప్పని మిమ్మల్ని తిట్టడానికి కాదు, పాల కాపలా పోయిందని కోడలికి తెలియాలి గనక. వియ్యపురాళ్లకీ ఒక మాట: పిల్లని పంపేటప్పుడు సారెతోపాటు మీ ఊరి ఆశా ఫోన్ నంబరు కూడా కార్డు మీద రాయించి పంపండి.

చిన్నకోడలి అత్తగారు ఇప్పుడు మా దగ్గరకి వస్తుంటుంది. పెద్దపిల్ల బడికెళుతోంది, సన్నగానే ఉంటుంది గానీ చురుకు. పోయినేడు ఆవిడ తన ఇంకో కొడుకు పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, నా బల్ల మీద గాజు సీసాలో చింతగింజలుంటే, "ఇవి నాకు కాసిని ఇవ్వమ్మా" అంది. లెక్కపెట్టుకుని ముప్ఫై మూడు తీసుకుంది.

మా కోడలు మూడో నెలలో వస్తుంది. నేను ఏఎన్‌ఎం అయినంత మాత్రాన నా ముందు తను నోరు విప్పుతుందని అనుకోవడంలేదు, మామూలు అత్తగారినే కదా. అందుకే మా సెంటర్‌లో ఇంకో ఏఎన్‌ఎంకి చెప్పి ఉంచాను. ఆమె వచ్చినప్పుడు నేను పెరట్లోకి వెళ్లి బట్టలు ఆరేసుకుంటాను.

మీ ఇంటికి మేం వచ్చినప్పుడు కూడా అంతే. కోడల్ని లోపలి గదిలో మాతో ఒక పావుగంట వదిలి, మీరు వంటింట్లోకెళ్లి కాఫీ పెట్టండి. నిదానంగానే కాచండి. నాకు పంచదార వద్దు, షుగర్ ఉంది.

ఇట్లు,
మీ వైపు ఊళ్లు తిరిగే ఒక ఏఎన్‌ఎం